ఇంటిమాట: బరంపురం నుంచి ఏడు అత్తర్లు

ఈ పెట్టెలో ఏడు సీసాలున్నాయి. ఒక్కో దాంట్లో 6 మిల్లీలీటర్ల అత్తరు. ఏ సీసా మీదా పువ్వు పేరు కనిపించదు. ఎందుకో చెప్పాలి.

మొదటి అత్తరు మొగలిది. అది తయారైనప్పుడు చీటీ మీద 'కేతకి' అని రాసి నాన్నమ్మకు చూపించాను. చదివించుకుని, "ఎవరమ్మా ఈ పిల్ల?" అంది. తర్వాత సీసా మూత తీసి వాసన చూసి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మా నాన్న లేచే వేళ" అంది. పేరు అలా పెట్టాలని ఆ రోజే అర్థమైంది. ఆ వాసన ఏ చోట, ఏ వేళలో మొదటిసారి తగిలిందో, అప్పుడు ఇంట్లో ఏ మాట వినిపించిందో, ఆ మాటే పేరు కావాలి.

మాది గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఆఫీసుల్లో హిందీ మాట్లాడతారు. తెలుగు ఇంట్లోనే మిగిలింది. రాయడం రాకపోయినా, "ఇటు తిరుగు", "మడత విప్పకు" లాంటి మాటలు ఏ పిల్లా మర్చిపోలేదు. ఈ సీసాల మీద ఉన్నవి ఆ మాటలే.

తలుపు తీయకముందే

మొగలి. కోసేవాళ్ళు దీన్ని ఒడియాలో కియా అంటారు, అత్తరు తీసే భట్టీ దగ్గర కన్నౌజ్ నుంచి వచ్చిన పెద్దాయన కేవ్‌డా అంటాడు, మేం మొగలి అంటాం. ఛత్రపురం నుంచి ఇచ్ఛాపురం వైపు ఇసుక నేలల్లో పొలం గట్లకు కంచెలా పెరిగే పొద ఇది. ముళ్ళ ఆకులు చేతులు కోసేస్తాయి. అత్తరుకు పనికొచ్చేది మగ పువ్వే.

పొద్దెక్కితే వాసన తగ్గిపోతుంది. అందుకే చీకట్లోనే పొడుగు కర్రకు కొడవలి కట్టుకుని వెళ్ళేవాళ్ళు. మా ముత్తాత కోసి తెచ్చిన పువ్వులను గోనెపట్టాలో చుట్టి వీధి అరుగు మీద పెట్టేవాడట. ఇంట్లో ఎవరూ లేవకముందే, తలుపు తీయకముందే, తలుపు సందులోంచి వాసన లోపలికి వచ్చేది. నాన్నమ్మకు తండ్రి ముఖం కంటే ముందు గుర్తొచ్చేది అదే. ఆయన ఫొటో ఒక్కటీ లేదు.

సుమారు వెయ్యి పువ్వులను రాగి డేగులో నీళ్ళతో వేసి, మూత చుట్టూ మట్టి, గుడ్డ పెట్టి బిగిస్తారు. వెదురు గొట్టం గుండా ఆవిరి భప్కాలోకి దిగుతుంది. అది రాగి కుండ, నీళ్ళ తొట్టిలో మునిగి ఉంటుంది, లోపల గంధపు నూనె ఉంటుంది. ఆవిరి చల్లబడి వాసన నూనెకు పడుతుంది. మంట పెరిగితే మాడు వాసన వస్తుంది కాబట్టి భట్టీ పెద్దాయన పక్కనే కూర్చుని గొట్టం మీద చెయ్యి పెట్టి వేడి చూసుకుంటాడు. గంజాం మొగలికీ, దాన్నుంచి తీసే సారం రూహ్‌కీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు వెనక ఉన్నవి ఈ చేతులే అని మాకు తెలుసు.

ఒక మాట. శివపూజకు మొగలి పనికిరాదని పెద్దల నమ్మకం. బ్రహ్మ కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పిందని శివుడు శపించాడన్న కథ మీకూ తెలిసే ఉంటుంది. శివాలయానికి వెళ్ళే రోజున ఈ సీసా మూత తీయకండి. మా ఇంట్లోనూ తీయం.

ఇటు తిరుగు

మల్లె, మరువం, చివర్లో సన్నగా మొగలి రేకు.

పండగ రోజు జడ వేయించుకునేటప్పుడు మెడ నొప్పెట్టి కదిలితే అమ్మ గడ్డం పట్టుకుని అనే మాట ఇది. మొగలి రేకు ముల్లు తీసి, మడిచి, జడ మీద పరిచి కుట్టేది. ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. బడిలో నా పక్కన కూర్చునే ఒడియా స్నేహితురాలు రోజంతా జడకు ముక్కు ఆనించి కూర్చుంది. మర్నాడు వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి తన కూతురికీ అలా వేయమని అడిగింది. అమ్మ ఆ పిల్లకూ "ఇటు తిరుగు" అనే అంది. ఆ ఒక్క తెలుగు మాట ఆమెకు ఇప్పటికీ వచ్చు.

దీన్ని ద్రవ పారఫిన్‌లో తీశాం, గంధపు నూనెలో కాదు. పిల్లలకు కొనిచ్చే సీసా ధర తక్కువుండాలని. దీనికీ, నౌపడా బండికీ మాత్రమే ఇలా చేశాం. మిగిలిన ఐదూ గంధపు నూనెలోనివే.

మడత

వట్టివేరు, గంధం. మగ్గం మీదనుంచి దిగిన బరంపురం పట్టుచీర అంచున కుంభం వరుస పైకి కనబడేలా మడిచి, మధ్యలో వట్టివేరు కట్ట పెట్టేవాళ్ళు. ఆ చీర మళ్ళీ ఏ పెళ్ళికో విప్పినప్పుడు వచ్చే చల్లదనం ఇది.

రంగం పెట్టె

ఈ పేరు పెట్టడానికి మాకు రెండేళ్ళు పట్టింది.

రంగూన్‌ను మా వైపు రంగం అనేవాళ్ళు. గోపాలపురం రేవులో ఓడ ఎక్కి, బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. తాతయ్య తండ్రి కూడా వెళ్ళాడు. 1941లో ఊరివాళ్ళెవరో తిరిగి వస్తుంటే వాళ్ళ చేత ఒక టేకు పెట్టె పంపించాడు. లోపల భార్యకు ఒక లుంగీగుడ్డ, పిల్లలకు లక్క గిన్నె, మూలల్లో కర్పూరం. ఆ డిసెంబరులో జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. 1942లో లక్షల మంది భారతీయులు అడవుల గుండా నడిచి బయటపడ్డారు, దారిలో ఎంతోమంది పోయారు. పెట్టె వచ్చింది. ఆయన రాలేదు.

ముత్తవ్వ ఆ పెట్టెలో బట్టలు పెట్టలేదు. ఏడాదికోసారి మూత తీసి, చూసి, మూసేసేది. నేను చూసేనాటికి లోపల ఏ వస్తువూ లేదు. వాసన మాత్రం ఉంది. పాత కలప, కర్పూరం, ఎక్కడో సముద్రం.

సముద్రం వాసన కోసం చోయా నఖ్ వాడాం. సముద్రపు గవ్వలను మట్టికుండలో కాల్చి తీసే నూనె అది. ఒంటిగా చూస్తే ముక్కు పట్టదు, పొగ, ఉప్పు కలిసి గొంతులో దిగుతుంది. గంధంలో కొన్ని చుక్కలు పడితే దూరాన రేవు ఉన్నట్టుంటుంది. పచ్చకర్పూరం చివర కలిపాం. మొదటిసారి చుక్క ఎక్కువైంది, తాతయ్య వాసన చూసి, "ఇది పొగ, పెట్టె కాదు" అన్నాడు. నాలుగోసారికి సీసా చేతిలోనే పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. ఇంక మేం దాన్ని ముట్టుకోలేదు.

ఈ అత్తరు చాలామందికి మొదట నచ్చదు. మణికట్టు మీద రాసి ఒక గంట ఆగండి.

పుట్టిల్లు

మల్లె, జటామాంసి, కాస్త గుగ్గిలం.

బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర జరుగుతుంది. బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి వదిలి మా నేతవాళ్ళ దేశీబెహరా వీధికి వస్తుంది. ఇది ఆమె పుట్టిల్లు, దేశీబెహరా ఆమెకు తండ్రి వరస. రాత్రి పూట పూలతో కట్టిన ఘటాలు తల మీద పెట్టుకుని ఆడవాళ్ళు వీధి వీధికీ తిరుగుతుంటే, ఎండకు కాలిన నేల మీద చల్లిన నీళ్ళు, పసుపు, వాడుతున్న మల్లెలు కలిసి ఒక వాసన లేస్తుంది. జాతర అయిపోయి అమ్మవారు వెళ్ళే రాత్రి వీధిలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. అత్తవారింటికి కూతురిని పంపినట్టే.

పెళ్ళయిన ఆడపిల్లకు ఇవ్వడానికి ఏ సీసా తీసుకోవాలని చాలామంది అడుగుతారు. ఇదే.

తుపాను మర్నాడు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించడంతో ప్రాణాలు చాలావరకు దక్కాయి. చెట్లు దక్కలేదు. మొగలి పొదలు వేళ్ళతో సహా పడిపోయాయి, ఆ ఏడాది చాలా భట్టీలు వెలగలేదు.

ఇంత నష్టం జరిగిన రోజు పేరు అత్తరుకు పెట్టవచ్చా అని మాలో మాకే వాదన నడిచింది. చెల్లెలు వద్దంది. నేను పెట్టాలన్నాను. ఎందుకంటే ఆ తెల్లవారుజామున మేం తలదాచుకున్న బడి తలుపులు తెరిచి బయటికొచ్చినప్పుడు మొదట తగిలింది నష్టం కాదు, వాసన. తడిసిన మట్టి, చిరిగిన పచ్చి ఆకులు. అందరూ బతికే ఉన్నాం అని ఆ వాసన చూసినప్పుడే తెలిసింది. ఒకరి పేర్లు ఒకరు పిలుచుకుంటూ లెక్క పెట్టుకున్నాం. చెల్లెలు చివరికి ఒప్పుకుంది, కానీ 'తుపాను' అని వదిలేయకుండా 'మర్నాడు' అన్న మాట ఉండాలంది. ఆమె చెప్పిందే సరైనది.

కన్నౌజ్‌లో మట్టి అత్తరు తీసే పద్ధతే ఇది. మట్టిని బిళ్ళలు చేసి కాల్చి, డేగులో వేసి, ఆవిరిని గంధపు నూనెలోకి పట్టాం. మట్టి ఋషికుల్య ఒడ్డుది.

నౌపడా బండి

నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే చిన్న లైను బండి. ఇప్పుడు పెద్ద లైను పడింది. అమ్మమ్మగారింటికి వెళ్ళేటప్పుడు ఉప్పు మళ్ళు దాటాక కిటికీలోంచి వచ్చే గాలి, ఒళ్ళో పనసపండు, ముందు పొగ. పొగకు గుగ్గిలం చెట్టు బంక కాల్చి తీసే చోయా రాల్ వాడాం. మగవాళ్ళు ఎక్కువగా అడిగి తీసుకుంటారు.

వాడేటప్పుడు

వీటిలో స్పిరిట్ లేదు, కాబట్టి చల్లుకునే సెంటులా కాదు. పుల్లతో ఒక్క చుక్క చాలు: మణికట్టు మీద, చెవి వెనక. రెండు మణికట్లు కలిపి రుద్దకండి. మొదటిసారి వాడేవాళ్ళు మోచేతి లోపల రాసి ఒక రోజు చూడండి, దురద గానీ మంట గానీ వస్తే కడిగేయండి. పట్టుచీర మీద నేరుగా పడితే నూనె మరక పోదు, దూది మీద వేసి మడతలో పెట్టండి. ఎండ తగలని చోట మూత బిగించి ఉంచితే ఏళ్ళ తరబడి ఉంటుంది, గంధం ఉన్నవి ఇంకా చిక్కబడతాయి.

ఒకే రోజు ఏడూ వాసన చూడకండి, ముక్కు అలిసిపోతుంది. రోజుకు రెండు చాలు. రంగం పెట్టెను ఆఖరికి ఉంచుకోండి.

సీసా అయిపోయాక కడగకుండా, మూత తీసి బట్టల మధ్య పెట్టండి.