పద్దెనిమిదవ ఉత్తరం

ప్రియమైన నీకు,

యాభై ఏళ్లుగా నిన్ను 'ఇదిగో' అనే పిలుస్తున్నాను కనుక, ఉత్తరం మొదట్లో నీ పేరు రాయబోతే ఎవరో పరాయి మనిషికి రాస్తున్నట్టు అనిపించి రెండు కాగితాలు చింపేశాను. నీ పేరు ఇష్టం లేక కాదు. ఎంతమందిలో ఉన్నా నేను 'ఇదిగో' అనగానే తల తిప్పి చూసేది నీవొక్కదానివే కావడం నాకు లోలోపల గర్వంగా ఉండేది.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమెందుకని అడుగుతావు. నీకు వినికిడి తగ్గినప్పటి నుంచి మన మాటలన్నీ కేకలైపోయాయి. మాత్ర వేసుకున్నావా, తలుపు గడియ పెట్టావా వంటివి కేక వేసి అడగగలను గాని, ఈ రోజు చెప్పదలచినది పక్కింటికి వినబడేలా చెప్పే మాట కాదు.

ఇంకొక కారణం కూడా ఉంది. పోయిన నెల పింఛను కాగితాల కోసం వెతుకుతూ, బీరువా అడుగున నీవు దాచుకున్న రేకు పెట్టె తెరిచాను. అడగకుండా తెరిచినందుకు క్షమించు. పెళ్లయిన కొత్తలో నేను దూరాన ఉద్యోగం చేస్తూ, నీవు పుట్టింట ఉండి చదువు పూర్తి చేసుకుంటున్న ఆ రెండేళ్లలో రాసిన ఉత్తరాలు 17, తేదీల వరుసలో, దారంతో కట్టి ఉన్నాయి. నేలమీదే కూర్చుని అన్నీ చదివాను. అద్దె ఎంత కట్టానో, జీతం ఎప్పుడొచ్చిందో, జలుబు ఎలా తగ్గిందో అన్నీ ఉన్నాయి గాని, నీవు గుర్తొస్తున్నావన్న మాట ఒక్కచోటైనా లేదు. గుర్తు రాని రోజు లేదు సుమా. రాయడం చేతకాక, 'ఆరోగ్యం జాగ్రత్త' అని ముగించేవాణ్ణి. ఇలాంటి జమాఖర్చుల చిట్టాను ఇంత భద్రంగా దాచుకున్నావంటే, అందులో లేనిదాన్ని కూడా నీవే పూరించుకుని చదివి ఉంటావు.

నీ జవాబులను మాత్రం నేను ఇళ్లు మారడంలో ఎక్కడో పోగొట్టాను. కాగితం అయిపోయాక అంచుల వెంట తిప్పి తిప్పి రాసిన నీ అక్షరాలు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి.

తొమ్మిదవ ఉత్తరం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. మీ ఊరి బడిలో నీకు టీచరు ఉద్యోగం ఇస్తామన్నారని, చేరమంటారా అని నీవు అడిగిన దానికి జవాబు అది. అద్దె గురించి పన్నెండు వాక్యాలు రాసి, చివర 'ఆ విషయం తరువాత చూద్దాం' అన్నాను. ఆ తరువాత అనేది రానే లేదు. నీవు మళ్లీ అడగలేదు, దెప్పలేదు. పిల్లలకు, ఆపైన మనవలకు, ఎండాకాలం సెలవుల్లో వీధిలోని పిల్లలందరికీ వరండాలో కూర్చోబెట్టి చదువు చెప్పావు. వాళ్లు నిన్ను 'టీచరమ్మా' అని పిలిచినప్పుడల్లా నేను పేపరు చాటున తల దాచుకునేవాణ్ణి. నా ఉద్యోగం పోయిన ఏడాదిగాని, గుండె ఆపరేషన్ నాడు గాని నీవు చేసినదానికి ఏదో ఒక విధంగా కృతజ్ఞత చెప్పగలిగాను. దీనికి మాత్రం క్షమాపణ చెప్పలేదు. ఉద్యోగంలో చేరి ఉండవలసింది; చేరమని నేను రాసి ఉండవలసింది. తప్పు నాది.

నిన్ను ప్రేమిస్తున్నానని ఈ వయసులో రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. వణుకు వయసుదే అనుకో, నాకు అభ్యంతరం లేదు. కాని మాట నిజం. రాత్రి మెలకువ వచ్చినప్పుడు నీ ఊపిరి వినబడేదాకా నేను కదలను. నీవు అద్దాలు తుడుచుకుంటూ నాలో నేనే మాట్లాడుకుంటున్నానని నవ్వినప్పుడు, నవ్వించడానికే ఇంకాస్త గొణుగుతాను. ఇది ఇన్నాళ్లూ నీకు తెలియదనుకుంటున్నాను. తెలిసే ఊరుకున్నావేమో కూడా.

నీ ఉత్తరాల్లోని మరో ప్రశ్నకు కూడా నేను జవాబు రాయలేదు. నేనుండే గదిలో కిటికీ ఏ వైపు ఉందని, పొద్దున లేవగానే ఏమి కనిపిస్తుందని అడిగావు. ఊహించుకోవడానికి వీలుగా ఉంటుందన్నావు. ఇదేం ప్రశ్న అనుకుని వదిలేశాను. తూర్పు వైపు ఉండేది. ఎదురుగా ఒక గోడ, గోడ మీద నుంచి వేప కొమ్మ ఒకటి కనిపించేది. ఆ కొమ్మను చూస్తూనే నీ ఉత్తరాలు చదువుకునేవాణ్ణి.

ఈ కాగితాన్ని నీ కళ్లద్దాల పెట్టె కింద పెడుతున్నాను. జవాబు రాయి. చోటు చాలకపోతే అంచుల వెంట రాయి. ఈసారి పోగొట్టను.

నీ
ఇదిగో