సైన్సు సార్‌కు మా మాటలు

(తెర మీద బడి గేటు, ఆ వెనకే ల్యాబ్ గది తలుపు. అమ్మాయి గొంతు.)

నమస్కారం సార్. ఈ వీడియోలో ఏడుపు పాట పెట్టలేదు. పూలదండల ఫోటోలూ లేవు. అవి పెడితే మీరు చూసేదానికి ముందే "అదంతా సరేరా, కొలత ఎంత?" అని అడుగుతారని మాకందరికీ తెలుసు. అందుకే కొలతలే పెట్టినాము. కడప జిల్లాలోని మన హైస్కూలు తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలం, 62 నిండి ఈ నెలాఖరుకు రిటైరవుతున్న మన ఫిజికల్ సైన్స్ సార్‌కు చెప్పుకునే మాటలివి. తప్పులుంటే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి సార్, దిద్దుకుంటాము.

(గాజు దిమ్మె, నాలుగు గుండుసూదులు. అబ్బాయి గొంతు.)

గాజు దిమ్మె ప్రయోగం బుక్కులో పది లైన్లే. మీ దగ్గర మాత్రం సూది గుచ్చడానికే ఒక పీరియడ్ పట్టేది. రెండు సూదుల మధ్య నాలుగైదు సెంటీమీటర్లన్నా ఉండాల. దగ్గరగా గుచ్చితే సూది మందమంత తేడా కూడా గీతను పక్కకు తిప్పేస్తుంది. పతన కోణం ముప్పైకీ అరవైకీ మధ్యన పెట్టుకోవాల. మరీ తక్కువైతే కిరణం పక్కకు జరిగినట్టే కనపడదు, మరీ ఎక్కువైతే అవతలి సూదులు మసకబారి పోతాయి.

ఇక మీరు ప్రతి బల్ల దగ్గరా ఆగి అడిగే ప్రశ్న: "ఏంరా, కండ్లు యాడ పెట్టినావు? తలకాయల మీదనా, కాళ్ళ మీదనా?" సూది తలకాయలు చూసి వరస కలిపితే, అట్ట మెత్తగా ఉండి సూది ఒరిగిపోయిన సంగతి తెలియదు. దిమ్మెలోంచి చూసేటప్పుడు సూదుల కాళ్ళు వరసలో ఉన్నాయా అనేది చూడాల. బాణం గుర్తు లేని కిరణం బొమ్మకు సున్నా వేసేది కూడా ఈ ప్రయోగంతోనే మొదలు పెట్టినారు. దాని మీద కొంచెం కోపం ఉండాది సార్, ఇప్పటికీ.

పుటాకార దర్పణం నాభ్యంతరం సంగతి ఒక్క మాటలో. మన ఎండలో సూర్యుడి బింబం కాగితం మీద పట్టుకుంటే, స్కేలు పెట్టేలోపల కాగితం పొగ వస్తుంది. అందుకే మీరు కిటికీలోంచి కనపడే దూరపు గుట్టను ఆ కిటికీ పక్క గోడ మీదనే పట్టించినారు. గుట్ట తలకిందులుగా, గీత గీసినట్టు తేటగా పడిన చోట కొలిస్తే చాలు.

(నిక్రోం తీగ, అమ్మీటర్, ఓల్ట్‌మీటర్. అమ్మాయి గొంతు.)

ఓమ్ నియమం దగ్గర తప్పు చేయనోళ్ళు లేరు. తీగల కొనలు గరుకు కాగితంతో రుద్దకుండా బిగిస్తే ముల్లు వణుకుతుంది, ఆ వణుకులో చూసిన అంకె మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. అమ్మీటర్ వరసలో, ఓల్ట్‌మీటర్ పక్కన, ఇదందరికీ వచ్చు. రానిది ప్లగ్ కీ తీయడం. కీ పెట్టేసి ముచ్చట్లలో పడితే తీగ వేడెక్కుతుంది, వేడెక్కితే నిరోధం మారుతుంది, నిష్పత్తి ఒక్కో రీడింగుకూ ఒక్కో రకంగా వస్తుంది. అప్పుడు నియమమే తప్పని రాసినోళ్ళు ఉన్నారు. "ఓమ్ తప్పు చేయలేదు, నువ్వు కీ తీయలేదు" అని మీరు నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసిచ్చింది ఇదిగో, తెర మీద ఉండాది. నోటుబుక్కు ఎవరిదో చెప్పము.

(కడప రాయి ముక్కలు, గాజు సీసా, రబ్బరు గొట్టం. అబ్బాయి గొంతు.)

మీ పాఠాల్లో మాకు బాగా నచ్చింది రాళ్ళది. మన ఇళ్ళల్లో నేల, అరుగు, మెట్లు, వంటింటి గట్టు, అంతా నల్లటి కడప రాయి. దాని మీద రోజూ తిరుగుతూ అది సున్నపురాయని మాకు తెలియదు. ఒక ముక్క తెచ్చి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు వేసినారు, బుస్సుమని నురగొచ్చింది. కాబట్టి బాత్‌రూమ్ కడిగే యాసిడ్ కడప రాయి మీద పోయకూడదని అప్పుడే అర్థమైంది. మురికి పోతుంది, దాంతోపాటు రాయి పై పొర కూడా పోతుంది. నిగనిగ పోయి బూడిద రంగు మచ్చ పడుతుంది, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. నిమ్మచెక్క పెట్టి వదిలేసినా అంతే, కాకపోతే నిదానంగా.

తర్వాత సున్నపు తేట. లీటరు నీళ్ళకు ఒక చెంచా తడిసున్నం వేసి, బాగా కుదిపి, రాత్రంతా కదపకుండా పెట్టాల. నీళ్ళలో కరిగేది రెండు గ్రాములు కూడా ఉండదు, మిగతాదంతా అడుక్కు దిగుతుంది. పొద్దున్నే పైతేట మాత్రం వంచుకుని, సీసా మూతిదాకా నింపి, బిరడా గట్టిగా బిగించాల. సగం సీసాలో పెడితే లోపలి గాలి తగిలి తెల్లటి మీగడ కడుతుంది. అట్లాంటి తేటతో ప్రయోగం చేస్తే ఏమీ తెల్లబడదు, పిల్లోడు తనలోంచి బొగ్గుపులుసు గాలి రావడం లేదనుకుని భయపడతాడు.

స్ట్రాతో ఊదితే తేట పాలలాగా మారుతుంది. అక్కడ ఆగకుండా ఆ గాలి ఇంకా ఇంకా పంపితే మళ్ళీ తేటపడుతుంది. నోటితో ఊది అంతదూరం పోవాలంటే దవడలు పట్టేస్తాయి. అందుకని కడప రాయి ముక్కల మీద ఆమ్లం పోసి, వచ్చే వాయువును గొట్టంతో పంపించినారు. ఆ గొట్టాన్ని నేరుగా సున్నపు తేటలో పెట్టనీయలేదు, ముందు మామూలు నీళ్ళ సీసాలోంచి పోనిచ్చినారు. ఆమ్లం ఆవిరి వెంట వస్తే అది కూడా తేట చేసేస్తుంది, మనమేమో వాయువే చేసిందనుకుంటాము. నిజంగా ఏది చేసిందో తేల్చేదానికి చివర పరీక్షనాళికను కాచినారు. కాల్షియం బైకార్బొనేట్ అయితే వేడికి విడిపోయి మళ్ళీ తెల్లబడుతుంది. మళ్ళీ తెల్లబడింది. ఆ రోజు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

(బెలూం గుహల ఫోటో.)

కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవున ఎట్ల తొలుచుకున్నాయో చెప్పేదానికి ఆ పరీక్షనాళికే చాలింది. వాన నీళ్ళు మట్టిలోని వాయువును పట్టుకుని సున్నపురాయిలోకి దిగుతాయి, రాయిని కరిగించి మోసుకుపోతాయి. పైకప్పు నుంచి చుక్క వేలాడినప్పుడు వాయువు వెళ్ళిపోతుంది, మోసుకొచ్చిన సున్నం అక్కడే గడ్డకడుతుంది. మా ఇండ్లల్లో బోరునీళ్ళు కాచే బిందెకు లోపల పట్టే తెల్లటి పెచ్చు కూడా అదే సరుకు.

మంగంపేట ముగ్గురాయి పాఠం గుర్తుందా సార్? రెండు రాళ్ళు తెచ్చి, రంగు చూడకుండా ఏది ఏదో చెప్పమన్నారు. ఆమ్లం వేస్తే ముగ్గురాయి పలకదు, అది బేరియం సల్ఫేటు. అయినా మీరు ఆమ్లం ఇవ్వలేదు, స్ప్రింగు త్రాసు, దారం, బకెట్ నీళ్ళు ఇచ్చినారు. గాలిలో 450 గ్రాములు తూగిన రాయి నీళ్ళలో 350 తూగింది. తగ్గింది 100. 450ని 100తో భాగిస్తే నాలుగున్నర. ఇంకో రాయి 270 తూగి నీళ్ళలో 170కి దిగింది, అంటే రెండు పాయింట్ ఏడు. నాలుగున్నరది ముగ్గురాయి, రెండోది సున్నపురాయి. చమురు బావులు తవ్వే బురదలో బరువు కోసం ముగ్గురాయి పొడి ఎందుకు కలుపుతారో వేరే చెప్పాల్సిన పని పడలేదు.

ఒక జట్టుకు మూడున్నరే వచ్చింది. రాయి బకెట్ అడుగుకు ఆనుకుంది. ఇంకో జట్టుకు మూడు పాయింట్ తొమ్మిది, రాయి గుంతల్లో గాలి బుడగలు అతుక్కుని ఉన్నాయి. రెండు తప్పులూ నీళ్ళలో తూకాన్ని తగ్గించేవే, కాబట్టి జవాబు తక్కువ వైపుకే పోతుంది. ఎక్కువ వచ్చిందంటే తప్పు వేరే చోట వెతకాల.

(పగిలిన సామాన్ల రిజిస్టర్, దగ్గరగా. అమ్మాయి గొంతు.)

ఈ రిజిస్టర్ మీరే గీతలు గీసి చేసింది. తేదీ, వస్తువు, ఎందుకు పగిలింది. మూడే గడులు. ఎవరు పగలగొట్టినారు అనే గడి లేదు. ఆ గడి ఉండుంటే సగం ముక్కలు కిటికీలోంచి బయటికి పోయేవి, మీ దాకా వచ్చేవి కాదు.

కొన్ని చదువుతాము. "పరీక్షనాళిక. వేడిగా ఉన్నప్పుడే చన్నీళ్ళలో పెట్టినందుకు." "పరీక్షనాళిక. మంట ఒకే చోట తగిలింది, కదపలేదు." "పరీక్షనాళిక. బ్రష్షు కొన తీగ అడుగును పొడిచింది." "గాజు గొట్టం. రబ్బరు బిరడాలో పొడిగా తోసినందుకు." ఈ చివరిదాని కింద మీరు రెండుసార్లు గీత గీసినారు, ఎందుకంటే విరిగేది అరచేతిలో. గొట్టం తడిపి, గుడ్డ చుట్టి, బిరడాకు దగ్గరగా పట్టుకుని తిప్పుతూ ఎక్కించాల. ఈ సంవత్సరం ఆ వరస ఒక్కసారి కూడా పడలేదు సార్.

ఆమ్లం నీళ్ళలో పోయాల, నీళ్ళు ఆమ్లంలో పోయకూడదు. ఇది నిద్రలో లేపి అడిగినా చెప్తాము, లేపి అడగొద్దు.

(ల్యాబ్ బీరువా తెరిచి ఉంది. అబ్బాయి గొంతు.)

మీరు పోయినాక ల్యాబ్ ఎట్ల అని స్టాఫ్‌రూమ్‌లో అన్నారంట. ఇట్ల. ఆమ్లం సీసాలు కింది అరలోనే ఉంటాయి, పైకి ఎక్కించము. దండ అయస్కాంతాలు జతలు జతలుగా, ఉత్తరం పక్కన దక్షిణం వచ్చేటట్టు, రెండు కొనలకూ మెత్త ఇనుప ముక్కలు పెట్టి ఉంచుతాము. సెల్లులు వాడిన రోజే బయటికి తీస్తాము, లేకుంటే కారి పెట్టె తగరపు రేకును తినేస్తాయి. సున్నపు తేట ప్రతి సోమవారం కొత్తది. సీసా మీద చేసిన తేదీ ఉంటుంది. శనివారం మధ్యాహ్నం ల్యాబ్ తెరవడానికి పదో తరగతిలో ఇద్దరు, తొమ్మిదిలో ఇద్దరు ఒప్పుకున్నారు. హెచ్ఎం గారు సంతకం పెట్టినారు, ఒక టీచర్ గదిలో ఉంటేనే అని షరతు కూడా పెట్టినారు.

రిటైరైనాక మీ ఊళ్ళో చీనీ చెట్లు చూసుకుంటామన్నారు. మట్టి పి.హెచ్. కొలిచేటప్పుడు తోటలో ఒక్క చోట మట్టి తీసి సరిపెట్టొద్దు సార్. జిగ్‌జాగ్‌గా నడిచి పది చోట్ల తీసి కలపాల. మీరు చెప్పిందే.

బీరువా రెండో తాళంచెవి మీ స్కూటర్ తాళాల గుత్తిలో ఉంది. ఇంటికి పోయేలోగా తీసి ఇచ్చేయండి.