పిడికెడు అటుకులు: తొంభై సెకన్ల హరికథ

ఒక హరిదాసు, పక్కన మృదంగం, వయొలిన్. శ్రుతి ఒకటిన్నర. ఆది తాళం, నిమిషానికి 80 దెబ్బలు. అంటే ఆవర్తనానికి 6 సెకన్లు, మొత్తం 15 ఆవర్తనాలు. ప్రార్థన, గణపతి స్తుతి ఇందులో పెట్టలేదు, చోటు లేదు. చిడతలు కుడిచేత, మైకు ఎడమ భుజాన. రెండూ ఒకేవైపుంటే ప్రతి దెబ్బకీ గొంతు పగులుతుంది. ఫోనులో నాయిస్ రిడక్షన్ ఆపేయాలి, అది తంబూరాను రొద అనుకుని మింగేస్తుంది.

0:00–0:06
(తంబూరా. చిడతలు నాలుగు దెబ్బలు. ఆగి.)
చంకలో ఏమిటయ్యా ఆ మూట?

0:06–0:24, వచనం
(తంబూరా మాత్రమే. మృదంగం చేత్తో వాయించకపోయినా మనసులో మూడు ఆవర్తనాలు లెక్కపెట్టాలి. లేకపోతే పాట ఎత్తుగడ తప్పుతుంది.)
అడిగినవాడు ద్వారకాధీశుడు. దాచినవాడు కుచేలుడు. సాందీపని గురువుగారింట కలిసి కట్టెలు మోసిన జంట! ఇల్లాలు ఇరుగుపొరుగును అడిగి తెచ్చిన నాలుగు పిడికిళ్ల అటుకులు, చిరుగుల కొంగున ముడివేసి పంపింది. బంగారు మేడ చూశాక ఆ మూట ఎంత బరువెక్కిందో నాయనా!

0:24–0:42, మోహన
(వయొలిన్ గొంతు వెనకే. చివరి పంక్తికి చిన్న ముక్తాయి.)
ఇయ్యవోయి సఖా ఇయ్యవోయి
దాచిన మూట నాకియ్యవోయి
పేదది కాదోయి పిడికెడు ప్రేమ!

0:42–0:54
(గొంతు తగ్గించి.)
అని లాగాడు. ముడి ఊడింది.
(మూడు సెకన్లు. తంబూరా కూడా ఆగాలి. ఇత్తడి పళ్లెంలో అటుకులు రాలే చప్పుడొక్కటే. కెమెరాలో దగ్గరగా మూట, వేళ్లు. కూర్పు చేసేవాళ్లు ముందుగా కోసేది ఈ మూడు సెకన్లే. కొయ్యొద్దు, కథంతా ఇక్కడే ఉంది.)
కుచేలుడు తల దించుకున్నాడు.

0:54–1:06
(మృదంగం రెండో కాలం. గజ్జెలు.)
ఒక పిడికెడు నోట వేసుకున్నాడు, ఆహా అన్నాడు! రెండో పిడికెడు తీశాడు...
(మృదంగం తెగ్గొట్టినట్టు ఆగాలి. ఒక సెకను.)
రుక్మిణమ్మ చెయ్యి పట్టుకుంది. చాలు స్వామీ, ఇతని కలిమికి ఆ ఒక్కటీ చాలు!

1:06–1:18
(చిడతలు కింద పెట్టి, ఎదురుగా చూస్తూ, మామూలు మాటల్లో. ఇక్కడ రాగం తీస్తే నవ్వు రాదు.)
ఇంతకీ కుచేలుడేం అడిగాడు? ఏమీ లేదు! అడగడమే మరిచాడు. ఇంటికెళితే గుడిసె లేదు. ఎవరిదో మేడలే అని వెనక్కి తిరగబోయాడట, పాపం!

1:18–1:30, మంగళం
(సురటి. చిడతలు మళ్లీ. అందరూ ఒక్క గొంతుతో.)
శ్రీమద్రమారమణ గోవిందో... హరి!
(చివరి దెబ్బ తర్వాత తంబూరా ఒక సెకను మోగాలి. వీడియో మళ్లీ మొదలైతే మొదటి తంబూరాలో అతుకు తెలియదు.)