పట్టీ రాయించుకోలేదా బిడ్డా?

అందరికి నమస్తే. నాది కొత్తవాడ. మూడేండ్ల సంది ఇంట్ల కూసొనే లేబుళ్లు, బ్రోచర్లు, క్యాటలాగులు డిజైన్ చేస్తున్న. ఏం నేర్చుకున్నవో చెప్పుమన్నరు. చానా ఉన్నయి గని, నన్ను బాగ ఏడిపిచ్చిన దాని గురించే ఎక్కువ చెప్త.

మా బాపు మిర్చి రైతు. ఏటా ఎనుమాముల మార్కెట్‌కు పోతడు. కాంటా అయినంక తక్‌పట్టీ చేతిల పడందే యార్డు దాటడు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏం ధర, అన్ని అండ్ల ఉంటయి. చిన్నప్పటి సంది అది చూసిన నేను, మొదటి ఏడు నలభై వేల పనిని ఒక్క ఫోన్ మాట మీద ఒప్పుకున్న.

హైదరాబాద్‌ల ఒక కంపెనీ. ముప్పై రెండు పేజీల క్యాటలాగ్. రంగు మార్చుమన్నరు, ఫోటోలు మార్చుమన్నరు, ఆఖరికి పేజీలు నలభై ఎనిమిదైనయి. తొమ్మిదిసార్లు మార్చిన. ఐదు నెలలు తిప్పిచ్చుకొని పద్దెనిమిది వేలు వేసిండ్రు. మిగిలినయి అడిగితే "మనం అనుకున్నది గంతే కదమ్మా" అన్నరు. చూపెడ్దామంటే నా దగ్గర ఒక్క కాయిదం లేదు. ఆ రాత్రి బాపు ఒక్కటే అడిగిండు: "పట్టీ రాయించుకోలేదా బిడ్డా?"

అప్పటి సంది ఎంత చిన్న పనైనా ముందుగాల మెయిల్ పెడ్త. ఎన్ని పేజీలు, ఎన్నొద్దులు, ఎంత పైసలు, సగం అడ్వాన్స్. రెండుసార్ల దాక మార్పులు ఆ ధరలనే, ఆ పైన గంట లెక్క. మార్చుకోనీకి వచ్చే ఓపెన్ ఫైల్ బాకీ తీరినంకనే ఇస్త. వాళ్లు "ఓకే" అని తిరిగి రాసినంకనే పని మొదలువెడ్త. ధర తగ్గించుమంటే పని కూడ తగ్గిస్త. ఇట్లంటే ఇద్దరు కస్టమర్లు పోయిండ్రు. పోనియ్యి.

చిన్న వ్యాపారాలకు సర్కారు ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకోండ్రి, రూపాయి ఖర్చు లేదు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం కింద, కస్టమర్ మీతోని గడువు రాసుకున్నా 45 రోజులకు మించి పైసలు ఆపొద్దు. ఏం రాసుకోకుంటే 15 రోజులే. దాటితే వడ్డీ కట్టాలె. కాని బాకీ పడ్డంక రిజిస్ట్రేషన్‌కు ఉరికితే కొట్లాట కష్టమైతది, పని పట్టకముందే చేసుకోండ్రి.

టీడీఎస్ పది శాతం పట్టుకున్నమంటే నమ్మి కూసోవద్దు. మన పాన్ మీద జమైందా లేదా అని మూడు నెలలకోసారి ఇన్‌కంటాక్స్ సైట్‌ల చూడుండ్రి. రెండో ఏడు ఒకరు నా బిల్లుల పట్టుకున్నరు గని కట్టలేదు. రిటర్న్ వేసే రోజుదాక నాకు తెల్వనే లేదు.

ఇంకో మాట. పని లేని నెలల్ల ఒక్కరే ఇంట్ల కూసొని కుములొద్దు. నేను కుమిలిన, ఎవరికీ చెప్పలేదు. ఈ గదిల ఉన్న అక్కలు, అన్నలు అప్పుడే పరిచయమైతే ఎంత బాగుండు అనిపిస్తది.

నేను పంపే మెయిల్ పది జిరాక్సులు తెచ్చిన, చాయ్ బల్ల మీద ఉన్నయి. ఈ వారం ఎవరైనా కొత్త పని ఒప్పుకునేదుంటే నా పక్కన కూసోండ్రి, ఇద్దరం కలిసి రాద్దాం.