ప్రయాణ అడ్వాన్సు సర్దుబాటు: 2025 జూన్ 9 నుంచి 13 వరకు, పంపు మరమ్మతు పని

తేదీ: 18 జూన్ 2025

అకౌంట్స్ ఆఫీసర్ గారికి,
ద్వారా: నిర్వహణ విభాగం హెడ్ గారు

నమస్కారం.

మన రెండో యూనిట్‌లో నీటి పంపు మరమ్మతు కోసం జూన్ 6న వోచరు నంబరు 118 మీద నేను 30,000 రూపాయలు అడ్వాన్సుగా తీసుకున్నాను. నాతోపాటు మా విభాగం టెక్నీషియన్ ఒకరు వచ్చారు. 8వ తేదీ రాత్రి బయల్దేరి 14 ఉదయానికి తిరిగి వచ్చాం. ఇద్దరి ఖర్చూ కలిపి 21,695 రూపాయలు అయింది. మిగిలిన 8,305 రూపాయలు ఈ రోజు ఉదయం క్యాషియర్ గారికి నగదుగా కట్టేశాను. రసీదు నంబరు 412, దీనితో జతచేశాను.

ఖర్చు వివరం (రూపాయల్లో)

వెళ్లేటప్పుడు రైలు టికెట్లు, ఇద్దరికి: 2,480 (వోచరు 1)
తిరుగు రైలు టికెట్ల రద్దు చార్జీ: 580 (వోచరు 2)
తిరుగు ప్రయాణం బస్సు టికెట్లు, ఇద్దరికి: 2,700 (వోచరు 3)
లాడ్జి, 4 రాత్రులు, రాత్రికి 1,800 చొప్పున: 7,200 (వోచరు 4)
భోజన భత్యం: 3,260 (వోచరు 5)
ఆటోలు: 1,740 (వోచరు 6)
పనిముట్ల పెట్టె మోసినందుకు కూలీ: 200 (వోచరు 6)
జిరాక్సు: 85 (వోచరు 7)
పంపు మెకానికల్ సీలు: 3,450 (వోచరు 8)
మొత్తం ఖర్చు: 21,695
తీసుకున్న అడ్వాన్సు: 30,000
తిరిగి కట్టినది: 8,305

వీటిలో కొన్నింటికి వివరణ అవసరం.

ముందు తిరుగు ప్రయాణం సంగతి. ప్లాను ప్రకారం మేము 12 సాయంత్రం రైలెక్కాలి. కానీ 11న పంపు విప్పి చూస్తే సీలు పూర్తిగా అరిగిపోయి ఉంది, షాఫ్టు స్లీవు మీద కూడా గీతలు పడ్డాయి. స్లీవు నునుపు చేసి, కొత్త సీలు వేసి, ఆపకుండా నాలుగు గంటలు నడిపి చూడకుండా పంపు అప్పగించడం నాకు సరి కాదనిపించింది. విభాగం హెడ్ గారికి ఫోన్ చేసి చెప్పి, ఒక రోజు పొడిగించుకున్నాం. ఆ యూనిట్ ఇంజినీర్ గారు ఇచ్చిన ఉత్తరం వోచరు 2 వెనక ఉంది. రైలు టికెట్లు రద్దు చేస్తే 2,480లో 580 పోయి 1,900 వెనక్కి వచ్చాయి. టికెట్లు నా సొంత ఖాతా నుంచి తీశాను కాబట్టి ఆ 1,900 నా ఖాతాకే వచ్చాయి. 17న జమ అయినట్టు చూపే పేజీ జతచేశాను. ఆ డబ్బు ఆఫీసుదే, అందుకే ఖర్చులో 580 మాత్రమే రాసి, మిగతాది పైన కట్టిన నగదులో కలిపాను. సర్దుబాటు 18 దాకా ఆగడానికి కారణం కూడా ఈ రిఫండే. అది చేతికి రాకుండా లెక్క పెడితే మళ్లీ ఒకసారి సవరించాల్సి వచ్చేది.

లాడ్జి బిల్లును కాస్త జాగ్రత్తగా చూడండి, అందులో ఒక దిద్దుబాటు ఉంది. 9 ఉదయం గదిలో దిగి 13 ఉదయమే ఖాళీ చేశాం. సామాను ప్లాంటులో పెట్టుకుని రాత్రి బస్సుకు అక్కణ్నుంచే వెళ్లాం. కానీ కౌంటర్లో అబ్బాయి 13వ తేదీని కూడా కలిపి అయిదు రోజులకు 9,000 వేశాడు. అక్కడే నిలబడి రిజిస్టరు తెరిపించి, మేము దిగిన టైమూ ఖాళీ చేసిన టైమూ చూపించాక మేనేజర్ గారు అంకె కొట్టేసి 7,200 అని రాసి, పక్కన సంతకం, స్టాంపు వేశారు. కొట్టివేత చూసి మీకు అనుమానం రాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను. ఇంకో మాట: ఆ బిల్లు వేడికి అచ్చు పడే నున్నటి కాగితం మీద ఉంది. కొన్ని నెలల్లో అక్షరాలు మాసిపోతాయి. ఆ రోజే జిరాక్సు తీయించి అసలుతో కలిపి పిన్ను చేశాను. ఆడిట్ నాటికి అసలు చదవరాకపోయినా జిరాక్సు ఉంటుంది. వోచరు 7లో ఉన్న 85 రూపాయలు దీనికీ, పంపు టెస్టు రిపోర్టు కాపీలకీ అయినవే.

భోజన భత్యం మనిషికి రోజుకు 350 చొప్పున అయిదు రోజులకు ఇద్దరికీ 3,500 అవుతుంది. 11 మధ్యాహ్నం ఆ యూనిట్ వాళ్లే మాకు భోజనం పెట్టారు. మనిషికి 120 చొప్పున 240 తీసేసి 3,260 రాశాను. 8 రాత్రికీ, 14 ఉదయానికీ భత్యం అడగడం లేదు.

ఆటోలు మొత్తం పదకొండు సార్లు ఎక్కాం. స్టేషను నుంచి లాడ్జికి 180, లాడ్జికీ ప్లాంటుకీ మధ్య తొమ్మిది సార్లు 150 చొప్పున 1,350, చివరి రోజు ప్లాంటు నుంచి బస్టాండుకు 210. అయిదు సార్లు ఫోన్‌లో చెల్లించాం, ఆ 750కి స్క్రీన్‌షాట్ల ప్రింట్లు ఉన్నాయి. మిగతా 990కి గానీ, కూలీకి ఇచ్చిన 200కి గానీ రసీదు లేదు, ఎవరూ ఇవ్వరు కూడా. వాటికి తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అన్నది ఏ రోజుకారోజు రాసుకున్న కాగితం మీద మేమిద్దరం సంతకం చేశాం. పనిముట్ల పెట్టె ఇద్దరం మోయలేనంత బరువు కాబట్టే స్టేషన్లో దిగినప్పుడు ఒకసారి, బస్టాండులో ఒకసారి కూలీని పెట్టుకున్నాం.

ఇక సీలు. ఇది ప్రయాణ ఖర్చు కాదు, దయచేసి దీన్ని మరమ్మతుల పద్దులో వేయండి. ఆ యూనిట్ స్టోర్సులో ఆ సైజు లేదు. మన దగ్గర నుంచి తెప్పిస్తే రెండు రోజులు పట్టేది, అన్నాళ్లు పంపు ఆగిపోయేది. అందుకే విభాగం హెడ్ గారి అనుమతితో అక్కడే కొన్నాను. ఆయన పంపిన మెసేజి ప్రింటు, షాపు బిల్లు, పాత సీలు ఆ యూనిట్ స్టోర్సుకు అప్పజెప్పినట్టు రసీదు, మూడూ వోచరు 8లో ఉన్నాయి. దీన్ని ప్రయాణంలో కలిపేస్తే మా విభాగం ప్రయాణ బడ్జెట్ ఎక్కువ వాడినట్టు కనిపిస్తుంది, పంపు మీద అసలు ఎంత ఖర్చయిందో మాత్రం ఎవరికీ కనబడదు.

అన్ని బిల్లుల మీదా వోచరు నంబరు వేసి, వెనక నా సంతకం పెట్టాను. ఈ ఖర్చులేవీ ఇంకెక్కడా క్లెయిమ్ చేయలేదు, చేయను.

పరిశీలించి, అన్నీ సరిగా ఉంటే అడ్వాన్సు రిజిస్టరులో నా పేరు మీదున్న 30,000 కొట్టివేయించండి. పాత అడ్వాన్సు తేలకుండా కొత్తది ఇవ్వరు కదా, వచ్చే నెల మొదటి వారంలో అదే యూనిట్‌కు రెండో పంపు కోసం మళ్లీ వెళ్లాలి. ఏ బిల్లు మీదైనా సందేహం ఉంటే వెనక్కి పంపే ముందు ఒక్క ఫోన్ చేయండి, నేనే వచ్చి చూపిస్తాను.

జతచేసినవి: వోచర్లు 1 నుంచి 8, నగదు రసీదు 412, పంపు టెస్టు రిపోర్టు కాపీ.

ఇట్లు,
సీనియర్ మెయింటెనెన్స్ ఇంజినీర్
నిర్వహణ విభాగం