మిగులు

మరిడమ్మ స్లిప్పు అందుకుని చూసింది. చేతిని చాపి దూరంగా పెట్టి మళ్లీ చూసింది.

"రెండు కిలోల తొంభయ్యా? ఇంటికాడ కొలుచుకునే వచ్చానమ్మా. రెండు లీటర్లు, పైన గ్లాసుడు."

లీటరు పాలు కిలో ముప్పై గ్రాముల చిల్లర తూగుతాయి. ఆ లెక్కన రెండు కిలోల రెండొందలు రావాలి. ఈ సంగతి పాలు తూచి రాసుకునే నాగరత్నానికి ఎంత తెలుసో మరిడమ్మకీ అంతే తెలుసు.

"మిషను ఏం చూపిస్తే అదే వచ్చింది పిన్నీ. నేను మధ్యలో ఏం చేస్తాను?"

"మిషనుకి కూడా లంకోళ్లంటే లోకువేనన్నమాట."

వెనకాల వరసలో ఉన్నవాళ్లంతా లంక మనుషులే. ఎవరూ నవ్వలేదు. గోదావరి వశిష్ఠ పాయ దాటి మొదటి పడవ ఈ ఒడ్డుకొచ్చేసరికి ఊళ్లోవాళ్లు పాలు పోసి ఇళ్లకెళ్లిపోతారు. రోజూ చివరి పద్నాలుగు స్లిప్పులూ లంకవే.

వాళ్ల అనుమానానికి ఆధారం లేకపోలేదు. పాల కేంద్రంలో ఒక్కొక్కరి తూకం కలిపితే వచ్చే మొత్తం ఒకటి, డెయిరీవాళ్ల చిల్లింగ్ సెంటర్లో క్యాన్లు తూచి ఇచ్చే మొత్తం ఇంకొకటి. రెండోది రోజూ మూడున్నర కిలోలు ఎక్కువ ఉంటోంది. డెయిరీ తన తూకానికే డబ్బు వేస్తుంది కాబట్టి ఆ మిగులు సొమ్ము సంఘం ఖాతాలో పడుతోంది. నెలకి నూరు కిలోల పాల డబ్బు. ఖాతాలోనే పడుతోందని ప్రెసిడెంటుకీ నాగరత్నానికీ తెలుసు. ఊళ్లో మాత్రం అది ఆవిడ పెరట్లో కొత్తగా కట్టిన గేదెల పాకలో కనిపిస్తోంది.

"తరుగొస్తే ఏడవాలి గానీ మిగులొస్తే ఏడుస్తావేంటమ్మా" అన్నారు ప్రెసిడెంటు సుబ్బరాజు గారు.

"తరుగొస్తే చేతకానిదంటారండి. మిగులొస్తే దొంగంటున్నారండి."

ఆయన మెకానిక్కుని పిలిపించారు. మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. మిషను ఆన్ చేసి, సున్నా చేసి, ముద్ర వేసిన రాళ్లు పెట్టాడు. అయిదుకి అయిదు, పదికి పది, ఇరవైకి ఇరవై. తూనికల శాఖవాళ్లు ఏడాదికోసారి వచ్చి చేసేదీ ఇంతే. "కాటా బంగారమండి. చెంబులే చూసుకోండి" అని టీ తాగి వెళ్లిపోయాడు. లంకలో ఆ మాట సాయంత్రానికే తెలిసింది. మర్నాడు నలుగురు పాలు తేలేదు.

ఆ రాత్రి నాగరత్నం డిసెంబరు, జనవరి షీట్లు మంచం మీద పరుచుకుంది. మొగుడు పడుకోవడానికి చోటు లేక చావట్లోకి పోయాడు.

మొదట చూసింది పూటల్ని. సాయంత్రం పూట మిగులు దాదాపు లేదు. పొద్దుటి పూటే అంతా. రెండు పూటలా రాసేది తనే, బకెట్టు అదే, క్యాన్లు అవే. మరి దొంగతనం పొద్దున్నే చేస్తున్నానా అనుకుని తనకే నవ్వొచ్చింది.

సంక్రాంతి మూడు రోజుల షీట్ల దగ్గర చెయ్యి ఆగిపోయింది. పండక్కి అల్లుళ్లొస్తారు, పరమాన్నాలూ పాలతాలికలూ, పాలు ఇళ్లల్లోనే సగం ఖర్చయిపోతాయి. కేంద్రానికి వచ్చింది నూట ముప్పై కిలోలు. మామూలు రోజున రెండొందల నలభై. కానీ ఖాతా తప్పకూడదని అరవై మందీ ఎంతో కొంత పోశారు. మిగులు ఎంత? మూడు కిలోల అయిదొందలు.

పాలు సగమయ్యాయి, మిగులు చెక్కుచెదరలేదు. కాటా కిలోకింతని మింగితే మిగులూ సగమవ్వాలి. అంటే ఇది పాలని బట్టి పోవట్లేదు, మనుషుల్ని బట్టి పోతోంది. పది కిలోలు పోసే ఆసామి దగ్గరా, రెండు కిలోలు పోసే మరిడమ్మ దగ్గరా అంతే.

తర్వాత మంచు పట్టి పడవ నడవని రోజులు వెతికింది. నాలుగు దొరికాయి. నలభై ఆరు మంది పోసిన ఆ రోజుల్లో మిగులు రెండు కిలోలు, కొంచెం అటూ ఇటూ. అరవైలో పద్నాలుగు మంది రాకపోతే కిలోన్నర పడిపోయింది. లెక్క ప్రకారం ఎనిమిది వందల గ్రాములే పడాలి. చివర నిలబడ్డవాళ్లకి ఎక్కువ పోతోందన్నమాట.

ఒకే మనిషి ముందూ వెనకా నిలబడ్డ రోజులు కావాలి. స్కూలు బస్సు టైమును బట్టి ఒకరోజు మూడో నంబరుగా, ఒకరోజు యాభై దాటాక వచ్చే మంగతాయారు దొరికింది. ముందొస్తే నాలుగు కిలోల రెండొందలు, వెనకొస్తే నాలుగు కిలోల వంద. వెన్న శాతంలో తేడా లేదు. గేదెకి బస్సు టైము తెలియదు కదా.

తెల్లవారుజామున కిరాణా సత్తిబాబుని లేపి అయిదు కిలోల రాయి అడిగింది.

"ఇప్పుడు దేనికక్కా?"

"నా పరువు తూచుకోడానికి. ఇవ్వరా."

మిషను ఆన్ చేసి, ఖాళీ బకెట్టు పెట్టి, దాని బరువు పోయి సున్నా వచ్చేలా టేర్ నొక్కింది. రోజూ చేసేదే, పూటకి ఒక్కసారి. బకెట్టులో రాయి పెట్టి అందరికీ చూపించింది. 5.000. రాయి తీసేసి, పాలు పోయించుకుంది. ముప్పయ్యో మనిషి తర్వాత మళ్లీ పెట్టింది. 4.940. వరసలో గుసగుసలు మొదలయ్యాయి. లంకవాళ్లు వచ్చారు, పోశారు. మరిడమ్మ అరవయ్యో నంబరు. ఆవిడ స్లిప్పు చేతిలోకి రాగానే రాయి పెట్టింది.

4.880.

పాలు అంటుకున్న బకెట్టు బరువు పెరగాలి గానీ తగ్గకూడదు. సుబ్బరాజు గారు వంగి అంకెలు చూశారు. రాయిని చేత్తో ఎత్తి కూడా చూశారు, అదేదో కరిగిపోయినట్టు.

మెకానిక్కు ఈసారి పొద్దున్నే వచ్చాడు. పళ్లెం తీసి, కింద ఉన్న లోడ్ సెల్ చూపించాడు. బరువుకి పిసరంత వంగే అల్యూమినియం కడ్డీ అది. ఆ వంపుని దానికి అతికించిన సన్నటి రేకులు కరెంటు తేడాగా పట్టిస్తాయి. వాటి మీది రబ్బరు పూత పగిలి ఉంది, లోపల తడి, పాల పొలుసు, చీమలు. రాత్రి పాలు అయిపోయాక గొట్టం పెట్టి బల్లంతా కడుగుతారు. ఆ తడితో పొద్దున్న ఆన్ చేస్తే సున్నా మెల్లమెల్లగా కిందికి జారుతుంది. ఎండెక్కేసరికి ఆరిపోతుంది. మొదటిసారి అతను మూడింటికి వచ్చి చూసింది ఆరిన కాటాని.

కొత్త సెల్ వేశాడు. ప్రతి మనిషికీ ముందు టేర్ నొక్కమన్నాడు. ఆ పని అక్కడితో అయిపోయింది. డబ్బు దగ్గరే అసలు గొడవ వచ్చింది.

"లీటరుకింతని అందరికీ పంచేద్దాం. బోనస్ అనుకుంటారు" అన్నారు సుబ్బరాజు గారు. ఆయనవి పద్దెనిమిది గేదెలు.

"అలా పంచితే పోనివాళ్లకి వస్తుందండి, పోయినవాళ్లకి రాదండి. మీ పాలేరు అయిదున్నరకే మొదటి నంబరుగా పోసి వెళ్తాడు. మీకు పోయింది ఏమీ లేదండి."

ఆయన మొహం ఎర్రబడింది. కమిటీలో ఇద్దరు గొంతు సవరించుకున్నారు. నాగరత్నం షీట్లు ముందుకు తోసింది. నంబరుకి రెండు గ్రాముల చొప్పున ఎవరికెంత పోయిందో పేరు పేరునా వేసి తెచ్చింది. మొత్తంలో అయిదింట రెండు వంతులు లంక పద్నాలుగు మందివే.

"ఇదంతా నువ్వొక్కదానివే వేశావా?"

"ఆయ్. కావాలంటే మీ అబ్బాయి చేత సరిచూయించండి."

సరిచూయించారు. రెండు చోట్ల రూపాయి తేడా వచ్చిందంతే. సంతకం పెడుతూ ఆయన, "కాటా పాడైతే సంఘానిదా తప్పు" అని గొణిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు.

లంకవాళ్ల డబ్బు ఖాతాల్లో పడిన మర్నాడు మరిడమ్మ పాలు పోసి, స్లిప్పు చూసి, పక్కకి జరగలేదు.

"నాకు పడింది రెండు నెలలదేనంట."

"అవును పిన్నీ. డిసెంబరు, జనవరి."

"మరి అంతకుముందో?"

అంతకుముందు షీట్లకి చెద పట్టింది. కార్తీకంలో బీరువా ఖాళీ చేసి తగలబెట్టించింది ప్రెసిడెంటు గారే. నాగరత్నం ఆ మాటే చెప్పింది.

"నీ కాడ లేకపోతే డెయిరీవోళ్ల కాడ ఉండదా?"

నాగరత్నం టేర్ మీద వేలు పెట్టి ఆగింది. చిల్లింగ్ సెంటర్లో క్యాన్ల తూకం ఉంటుంది. అది మొత్తమే చెప్తుంది, నంబర్లు చెప్పదు. కానీ మనుషులకి డబ్బు వేసిన జాబితా డెయిరీ దగ్గరే ఉండాలి.

"రేపు వెళ్లి అడుగుతాను. నువ్వు కూడా రా పిన్నీ."

"పడవ దిగి ఇటే వస్తాను. నా పాలు మాత్రం ముందు తూచు."