అపాయింట్‌మెంట్ అడ్వాన్సు, ఆలస్యం: ఆగస్టు 1 నుంచి మా పార్లర్ నియమాలు

మా దగ్గరకు వచ్చే అమ్మలకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

హనుమకొండ నయీంనగర్‌లోని ఈ పార్లర్‌లో ఉన్నవి మూడు కుర్చీలు, పనిచేసేది ముగ్గురం. పోయినేడు సద్దుల బతుకమ్మ ముందు రోజు మధ్యాహ్నమంతా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పేరు రాయించుకున్నవారు రాలేదు, ఫోను ఎత్తలేదు. అదే రోజు పొద్దున ఖాళీ లేదని ఐదుగురిని తిప్పి పంపాం. వారిలో ఒకావిడ కాజీపేట నుంచి చంటిబిడ్డతో వచ్చారు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. నాతో పనిచేసే ఇద్దరికీ చేసిన పనిని బట్టి కమీషన్ ఉంటుంది కాబట్టి, కుర్చీ ఖాళీ అయితే ముందు నష్టపోయేది వాళ్లే.

థ్రెడింగ్, జుట్టు కత్తిరింపు, వ్యాక్సింగ్‌కు అడ్వాన్సు అవసరం లేదు. ఫేషియల్, జుట్టుకు రంగు వంటి గంట దాటే పనులకు 200 రూపాయలు, స్మూతెనింగ్, కెరాటిన్‌కు 500 రూపాయలు ముందుగా చెల్లించాలి. ఫోన్‌పే చేసినా, చేతికి ఇచ్చినా సరే. ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గిస్తాం. రావడం కుదరకపోతే 24 గంటల ముందు చెప్పండి, పూర్తిగా తిరిగి ఇస్తాం. ఆ తర్వాత చెబితే డబ్బు తిరిగి రాదు కానీ, ఒక్కసారి మరో రోజుకు మారుస్తాం. చెప్పకుండా మానేస్తే అడ్వాన్సు పోయినట్టే.

పెళ్లికూతురి అలంకరణకు మొత్తంలో 30 శాతం అడ్వాన్సు. ఆ ముహూర్తానికి మరో పెళ్లి ఒప్పుకోలేం కనుక, 15 రోజుల ముందు వరకే తిరిగి ఇవ్వగలం. ముహూర్తం మారితే, కొత్త తేదీన మాకు వీలుంటే అదే అడ్వాన్సు చెల్లుతుంది.

పది నిమిషాల ఆలస్యాన్ని లెక్కపెట్టం. ఇరవై నిమిషాల లోపు వస్తే, మిగిలిన సమయంలో అయ్యే పనే చేస్తాం. అది దాటితే మీ సమయం ఎదురుచూస్తున్నవారికి వెళ్తుంది, అడ్వాన్సు ఒకసారి మరో రోజుకు మారుతుంది. రంగు, స్మూతెనింగ్ విషయంలో మాత్రం తొందరపెట్టవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. మందు జుట్టుపై ఉండాల్సినంత సేపు ఉండాలి, తీయాల్సిన సమయానికి తీయాలి. అక్కడ నిమిషాలు కోస్తే పాడయ్యేది మీ జుట్టే.

ఇంట్లో చావు, ఆసుపత్రి పని, పిల్లల జ్వరం వంటివి వస్తే ఏ నియమమూ వర్తించదు. ఒక్క మాట చెప్పండి, చాలు; రుజువులు అడగం. మేడారం జాతర రోజుల్లో రోడ్లు ఎలా ఉంటాయో మాకూ తెలుసు, అప్పుడు అరగంట వరకు ఆగుతాం.

మా వల్ల మీరు పదిహేను నిమిషాలకు మించి కూర్చోవాల్సి వస్తే బిల్లులో 10 శాతం తగ్గిస్తాం. ఆగలేమంటే అడ్వాన్సు అక్కడికక్కడే ఇచ్చేస్తాం.

ఇప్పటికే ఆగస్టుకు పేరు రాయించుకున్నవారిని అడ్వాన్సు అడగం. ఆలస్యం నియమం మాత్రం వారికీ ఉంటుంది.